హకీం, హుకుం ఒక్క ఇంటివే

హైదరాబాదు పాతబస్తీలో యునానీ వైద్యుణ్ణి హకీం అంటారు. ఎదురు చెప్పడానికి వీల్లేని ఆజ్ఞను తెలుగునాట అంతటా హుకుం అంటాం. మందిచ్చే మనిషికీ ఆజ్ఞకూ మన భాషలో ఏ చుట్టరికమూ కనబడదు. అరబీలో మాత్రం ఇవి తోబుట్టువులు. రెండూ హ్-క్-మ్ అనే మూడు హల్లుల నుంచి పుట్టాయి.

అరబీ క్రియల్లో, నామవాచకాల్లో ఎక్కువ భాగానికి మూలమైన ధాతువు ఇలాంటి మూడు హల్లులే. వాటికవే పలకడానికి వీలైన మాట కాదు, ఒక అర్థాన్ని మాత్రం అంటిపెట్టుకుని ఉంటాయి. మధ్యలో అచ్చులు చేర్చి, అవసరమైతే ముందు ‘మ’ లాంటి అక్షరం పెడితే మాట తయారవుతుంది. తెలుగులో రాయు, రాత, రాయించు అన్నప్పుడు మార్పంతా చివర జరుగుతుంది. అరబీలో అది మాట లోపలే జరుగుతుంది.

హ్-క్-మ్ అంటే తీర్పు చెప్పడం, అదుపులో పెట్టడం. గుర్రం దవడలను పట్టి ఉంచే కళ్లెపు భాగాన్ని హకమ అంటారు. పాత నిఘంటుకారులు ఆ అదుపు అర్థాన్ని దీనితోనే ముడిపెట్టారు. మొదటి హల్లు తరువాత దీర్ఘమైన ‘ఆ’, రెండో హల్లు తరువాత ‘ఇ’ పెడితే ఆ పని చేసేవాడు వస్తాడు: హాకిం, అంటే తీర్పరి, పాలకుడు. దీర్ఘాన్ని అక్కడి నుంచి తీసి రెండో హల్లు మీదికి జరిపితే హకీం. ఆ అచ్చు నిలకడైన గుణాన్ని చెబుతుంది కాబట్టి హకీం అంటే వివేకి. పూర్వం వైద్యుడు తత్వవేత్త కూడా కావడంతో వైద్యుడికీ ఆ పేరే నిలిచింది. తీర్పుకు లోనైనవాడు మహ్కూమ్, తీర్పు చెప్పే చోటు మహ్కమ, పాలించే వ్యవస్థ హుకూమ, వివేకం హిక్మ.

అరబీ నిఘంటువుల్లో చాలావాటిని చూడాల్సింది ధాతువు వరసలోనే. హాన్స్ వేర్ 1952లో జర్మన్‌లో వెలువరించిన ప్రసిద్ధ నిఘంటువులో మహ్కమ కావాలంటే ‘మ’ దగ్గర కాదు, ‘హ’ దగ్గర వెతకాలి. ముందున్న ‘మ’నూ అచ్చులనూ తీసేస్తే హ్-క్-మ్ మిగులుతుంది. అలాగని ప్రతి ‘మ’నూ తీసేయకూడదు. రాజు అనే అర్థం వచ్చే మలిక్‌లో ‘మ’ను తీస్తే రెండే హల్లులు మిగులుతాయి. అలా తక్కువ పడితే ఆ ‘మ’ ధాతువులోదేనని అనుమానించాలి.

తెలుగులోకి వచ్చేసరికి ఈ కుటుంబం చెల్లాచెదురవుతుంది. హాకిం న్యాయమూర్తి, మహ్కమ న్యాయస్థానం అవుతాయి. ఇక్కడిదాకా ‘న్యాయ’ అనే మాట రెండింటినీ కలిపి ఉంచుతుంది. హుకూమ ప్రభుత్వం, హకీం వివేకి కాగానే ఆ తాడు తెగిపోతుంది. వార్తలు అనువదించేటప్పుడు దీనివల్ల నష్టమేమీ లేదు. న్యాయస్థానం, ప్రభుత్వం ఒకే ధాతువువని చదువరికి తెలియకపోయినా వార్త అర్థమవుతుంది.

అసలు చిక్కు మన లిపిలో ఉంది. ధాతువును నిలబెట్టేది హల్లులే అయినప్పుడు వాటి తేడా చెరిగిపోతే వేరే ధాతువులు ఒకటిగా కనిపిస్తాయి. అరబీలో గుండెకు చెప్పే మాటనూ కుక్కకు చెప్పే మాటనూ తెలుగులో రాస్తే రెండూ కల్బ్ అవుతాయి. మొదటిదానిలో ‘క’ గొంతు లోపలి నుంచి వస్తుంది, రెండోది మామూలు ‘క’. మన కితాబు కూడా ఇలాంటిదే. పుస్తకం అనే అర్థం ఉన్న కితాబ్ రాత ధాతువైన క్-త్-బ్ నుంచి వచ్చింది. ‘మంత్రిగారు కితాబిచ్చారు’ అన్నప్పటి కితాబు అది కాదు. అది బిరుదు అనే అర్థమున్న ఖితాబ్. దాని ధాతువు ప్రసంగానికి సంబంధించింది, శుక్రవారం మసీదులో చేసే ఖుత్బాదీ అదే. అందులోని మొదటి రెండు హల్లులూ వేరే అయినా తెలుగు నోట్లో క, త అయిపోయాయి. కాబట్టి తెలుగులో కనబడే రూపాన్ని పట్టుకుని ధాతువు చెప్పబోతే పొరబడతాం. అరబీలోనో ఉర్దూలోనో ఆ మాట రాతను ఒకసారి చూస్తే తేలిపోతుంది.

రచయిత కావాలని ఒకే ధాతువు మాటలను పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రం అనువాదకుడు ఆగి ఆలోచించాలి. ‘ఆ హాకిం హకీం’ అనే అర్థంలో ఒక చిన్న వాక్యం ఉందనుకుందాం. ‘ఆ న్యాయమూర్తి వివేకి’ అంటే అర్థం వస్తుంది, ఆ రెండు మాటలకున్న రక్తసంబంధం పోతుంది. ఇలాంటి చోట నేను సంస్కృతం వైపు కాక ‘తీరు’ అనే తెలుగు ధాతువు వైపు చూస్తాను. తీర్పు, తీర్పరి, తీర్చు అన్నీ అక్కడివే. ‘ఆ తీర్పరి తీరెరిగినవాడు’ అంటే శబ్దమూ కలుస్తుంది, తీర్పుకూ తెలివికీ ఉన్న బంధమూ వినిపిస్తుంది. హకీంలోని లోతైన వివేకం ఇందులో కొంత పలచబడుతుంది. అది మతగ్రంథమైతే నేను అర్థాన్నే ఎంచుకుంటాను. కవిత అయితే తీర్పరినే రాస్తాను.