వలీమాకు ముందు ఒక ప్రశ్న

కొండపల్లిలో మేము ఒక నికాహ్ చదివించిన మర్నాడు ఫజ్ర్ నమాజు అనంతరం పెండ్లికుమారుడు మా వద్దకు వచ్చాడు. జనమంతా వెళ్లిపోయేవరకు ఆగి, "మౌలానా సాబ్, రాత్రి ఆమె బెదిరిపోయి ఉంది. కొన్ని రోజులు వ్యవధి ఇమ్మన్నది, నేను సరేనన్నాను. దాంపత్యం జరగనిదే వలీమా చెల్లదని ఇంట్లో పెద్దలంటారు. ఏమి చేయాలి?" అని అడిగాడు.

"బేటా, నీవు చేసినది మంచి పని. వెళ్లి విందు ఏర్పాట్లు చూసుకో" అన్నాము.

వలీమా వేళ గురించి ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయాలున్నాయి. దంపతులు కలిసిన పిదప ఇవ్వడం ఉత్తమమని పలువురన్నారు. నికాహ్ అయిన వెంటనే ఇవ్వవచ్చునని అన్నవారూ ఉన్నారు. కాని దాంపత్యం జరగలేదన్న కారణంతో విందు చెల్లకుండా పోదు. ఈ అపోహ వల్లనే ముక్కూ మొగమూ తెలియని ఇద్దరిపై ఒక్క రాత్రి గడువు పడుతున్నది. తెల్లవారగానే బంధువులు నవ్వుతూ వేసే ప్రశ్నలకు సమాధానం చెప్పనవసరం లేదు. పడకగది రహస్యాలను వెల్లడించడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు.

మరొక పొరపాటు మౌనం విషయంలో జరుగుతున్నది. నికాహ్‌కు కన్య సమ్మతి అడిగినప్పుడు ఆమె మౌనమే అంగీకారమని హదీసులో ఉన్నది. అది నికాహ్ ప్రస్తావనకు చెప్పిన మాట. ఆ రాత్రి మౌనానికి దానిని వర్తింపజేయరాదు. ముఖం తిప్పుకోవడం, ముడుచుకుపోవడం, అడిగినదానికి ముక్తసరిగా బదులివ్వడం భయానికి గుర్తులు. అప్పుడు ఆగి, ఆమె ఇంటి ముచ్చట్లు, చదువు, ఇష్టాయిష్టాలు మాట్లాడవలెను. "నీకు ఇబ్బందియైతే చెప్పు, నేను కోపగించను" అనే మాట మొదటి రోజే చెప్పవలెను. ఆమె కూడా తన హద్దును స్పష్టంగా చెప్పవచ్చు. అది అవిధేయత కాదు.

ధర్మశాస్త్రం స్త్రీకి హద్దు గీసుకునే హక్కును ఇదివరకే ఇచ్చింది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వెంటనే చెల్లించవలసిన మహర్ అందేవరకు భార్య తనను అప్పగించుకోకుండా ఉండవచ్చు. సొమ్ము కోసమే ఆగమనే హక్కున్నప్పుడు, భయం తీరేవరకు ఆగమంటే తప్పెలా అవుతుంది?

భార్య నిరాకరణను గురించి హెచ్చరించిన హదీసును కొందరు ఇక్కడ చూపుతారు. తగిన కారణం లేని నిరాకరణకే అది వర్తిస్తుందని పండితులు వివరించారు. అయితే వ్యవధికీ ఒక మేర ఉన్నది. వారాలు గడచినా భయమో నొప్పియో తగ్గకపోతే దానిని మనసులో దాచుకోక, ఇద్దరూ కలిసి స్త్రీ వైద్యురాలిని సంప్రదించవలెను.

ఆ యువకుడు ఆనాడు మధ్యాహ్నం నిశ్చింతగా అతిథులకు వడ్డించాడు. కొన్ని నెలలకు భార్యతో మా ఇంటికి వచ్చాడు. మేము ఏమీ అడుగలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె అతని మాటను మధ్యలో సరిదిద్దుతూ, నవ్వుతూనే ఉన్నది.