అంకణా కుదిరింది, వాటా కుదరలేదు

ముగ్గురు భాగస్థుల టైల్స్ కొట్టు ఒకటి అనుకోండి. బావ, బావమరిది, వాళ్ళిద్దరికీ చిన్ననాటి స్నేహితుడు. బావ పెట్టుబడి 20 లక్షలు, మిగతా ఇద్దరిదీ చెరో 10 లక్షలు. పొద్దున షట్టర్ ఎత్తేదీ రాత్రి దించేదీ బావమరిది. బావ అప్పుడప్పుడూ వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాడు. స్నేహితుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికోసారి లెక్క చూడటానికి వస్తాడు. మార్చి 31 దాటాక గుమాస్తా లెక్క తేల్చాడు: లాభం 12 లక్షలు. ఒప్పందంలో ఉన్న 40, 40, 20 చొప్పున పంచి, బావకి 4,80,000, బావమరిదికి 4,80,000, స్నేహితుడికి 2,40,000 వాళ్ళ వాళ్ళ మూలధనం ఖాతాల్లో జమ రాశాడు. అంకణా పైసాతో సహా కుదిరింది.

కుదరడంలో వింతేమీ లేదు. బావ పేరన రాయాల్సిన పద్దు బావమరిది పేరన రాసినా, అసలు ఖర్చుల్లో కలిపేసినా అంకణా కుదురుతుంది. అది చూసేది డెబిట్లూ క్రెడిట్లూ సమానమా అనే గానీ, ఆ డబ్బు ఎవరిదని కాదు. కంపెనీ ఆడిట్‌లో ముఖ్యమైన ప్రశ్న లాభం ఎంత అన్నదైతే, భాగస్వామ్య సంస్థలో దానికి పక్కనే ఇంకో ప్రశ్న ఉంటుంది: అందులో ఎవరిది ఎంత?

1932 నాటి భాగస్వామ్య చట్టం ఆడిట్ చేయించి తీరాలని ఎక్కడా అనలేదు. ఆడిటర్ వచ్చేది సాధారణంగా ఆదాయపు పన్ను కోసం. వ్యాపారం టర్నోవర్ కోటి దాటితే, నగదు లావాదేవీలు రాకలోనూ పోకలోనూ 5 శాతం మించకపోతే 10 కోట్లు దాటితే, పన్ను ఆడిట్ తప్పదు. అది సర్కారు వాటా కోసం చేసే ఆడిట్. వేరే ఊళ్ళో ఉన్న మూడో భాగస్థుడి వాటా సంగతి కూడా చూడమని ఆడిటర్‌కి విడిగా చెప్పుకోవాల్సిందే. చాలామంది చెప్పుకోరు.

మన కొట్టులో ముగ్గురూ చెప్పుకున్నారు. ఆడిటర్ పద్దుల పుస్తకం తెరవకముందే ఒప్పంద పత్రం అడిగాడు. స్టాంపు కాగితాల మీద రాసుకుని బీరువాలో పెట్టిన ఆ పత్రాన్ని గుమాస్తా ఎన్నడూ చూడలేదట. అందులో లాభం నిష్పత్తి ఒక్కటే లేదు. మూలధనం మీద ఏడాదికి 12 శాతం, అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ, ఇవ్వాలని ఉంది. సొంత వాడకాల మీద భాగస్థుడి నుంచి అదే వడ్డీ వసూలు చేయాలని ఉంది. కొట్టు చూసుకునే బావమరిదికి నెలకు 25,000 జీతం, అది ఏడాది చివర జమ చేయాలనీ, ఈలోగా తీసుకున్నదంతా సొంత వాడకమేననీ ఉంది. ఇవన్నీ తీసేశాక మిగిలినదే 40, 40, 20.

పత్రంలో ఇవేవీ లేకపోతే ఏమయ్యేది? చట్టంలోని 13వ సెక్షన్ వర్తించేది. జీతం లేదు, మూలధనం మీద వడ్డీ లేదు, పెట్టుబడి ఎంతైనా లాభం సమానంగా పంచాలి. ‘ఇరవై లక్షలు పెట్టినవాడికీ పదే పెట్టినవాడికీ ఒకటేనా’ అని అడిగితే, ఒప్పందంలో రాసుకోకపోతే ఒకటే.

తర్వాత ఆడిటర్ సొంత వాడకాల మీద పడ్డాడు. పుస్తకంలో ‘సొంత వాడకాలు’ అని రాసినవి అతన్ని పెద్దగా ఆకర్షించవు. అలా రాయకుండా పోయినవే కావాలి. అవి దాక్కునే చోట్లు దాదాపు అన్ని కొట్లలోనూ ఒకటే: కొట్టు ఖాతాలోంచి కట్టిన ఇంటి కరెంటు బిల్లు, బీమా ప్రీమియం, కారు పెట్రోలు, పిల్లల ఫీజులు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జులై 1న ఒక పాఠశాలకు లక్ష రూపాయలు వెళ్ళింది. గుమాస్తా దాన్ని ‘సిబ్బంది సంక్షేమం’ కింద రాశాడు. అది బావమరిది కూతురి ఫీజు. సరిచేసే పద్దు చిన్నదే: బావమరిది సొంత వాడకాల ఖాతాకి డెబిట్, సిబ్బంది సంక్షేమం ఖాతాకి క్రెడిట్. దాంతో ఖర్చు లక్ష తగ్గి, లాభం లక్ష పెరిగింది.

రెండోది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే దానికి పద్దే లేదు. కొన్న బిల్లుల్లో ఉన్న కొన్ని రకాల టైల్స్, శానిటరీ సామాను అమ్మిన బిల్లుల్లో కనపడలేదు. మార్చి 31 నాటి సరుకు జాబితాలోనూ లేవు. ఎక్కడికి పోయినట్టు? ఆ జవాబు ఖర్చు రసీదుల కట్టలో దొరికింది. అక్టోబరు 1న ఒక ట్రాలీ ఆటో కిరాయి చీటీ, దిగుమతి చిరునామా బావ కట్టుకుంటున్న కొత్త ఇల్లు. సరుకు కొన్న ధర 2 లక్షలు. ఎవరూ దొంగతనం చేయలేదు. ‘మన కొట్టేగా’ అనుకున్నాడు, అంతే. కానీ కొట్లో లేని సరుకు అమ్ముడుపోయినట్టే లెక్కలోకి వెళ్ళి, ఆ మేరకు లాభం తగ్గిపోయింది.

ఇక్కడ ఆడిటర్ బావ సొంత వాడకాలకు 2 లక్షలు డెబిట్ చేసి, కొనుగోళ్ళ ఖాతాకి క్రెడిట్ చేశాడు. అమ్మే ధరకి కాకుండా కొన్న ధరకే రాయడానికి కారణముంది. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు అమ్మే ధర వేస్తే, సంస్థ తన యజమాని మీదే లాభం చేసుకున్నట్టు అవుతుంది. ఇంకో చిక్కు జీఎస్టీ. సొంతానికి వాడిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ చెల్లదు. 18 శాతం చొప్పున తీసుకున్న 36,000 వెనక్కి కట్టాలి, అదీ బావ ఖాతాకే.

మూడోది స్నేహితుడి సంగతి. సరుకు కొనడానికి డబ్బు చాలక అదే అక్టోబరు 1న అతను 5 లక్షలు పంపాడు. గుమాస్తా మూలధనంలో కలిపేశాడు. అది పెట్టుబడా, అప్పా? మూలధనమైతే ఆరు నెలలకు రూపాయి వడ్డీ చొప్పున 30,000 రావాలి. కానీ మూలధనం మీద వడ్డీ లాభంలోంచే ఇవ్వాలని చట్టం అంటుంది, నష్టమొచ్చిన ఏడాది అది ఉండదు. ఒప్పుకున్న మూలధనానికి మించి సంస్థకి సర్దుబాటు చేసిన డబ్బైతే, వడ్డీ ఎంతని అనుకోకపోయినా చట్టమే ఏడాదికి 6 శాతం ఇప్పిస్తుంది. లాభంతో నిమిత్తం లేదు. ఆడిటర్ తనంతట తాను తేల్చలేదు, తేల్చకూడదు కూడా. ముగ్గురి చేతా కాగితం మీద రాయించుకున్నాడు: సర్దుబాటు చేసిన డబ్బే, వడ్డీ మాట అనుకోలేదు. కాబట్టి అర్ధరూపాయి వడ్డీ, 15,000. ఆ 5 లక్షలు మూలధనం ఖాతాలోంచి తీసి విడిగా అప్పు ఖాతాలో పెట్టాడు.

ఇక వాడకాల మీద వడ్డీ. బావమరిది ప్రతి నెలా ఒకటో తేదీన 20,000 తీసుకున్నాడు. ‘అది నా జీతం కదండీ, దానికి వడ్డీ ఏమిటి?’ అన్నాడు. ఒప్పందంలో ‘జీతం ఏ నెలకా నెల’ అని ఉంటే అతని మాటే చెల్లేది. ఏడాది చివర అని ఉంది గనక చెల్లలేదు. లెక్క తేలికే. 20 వేలకి రూపాయి వడ్డీ నెలకి 200. ఏప్రిల్‌లో తీసుకున్నది 12 నెలలు నడిచింది, మే నెలది 11, అలా మార్చిది ఒక్క నెల. అన్నీ కూడితే 78 నెలలు. 78ని 200తో గుణిస్తే 15,600. నెలాఖరున తీసుకుంటే 66 నెలలే అయ్యేవి, 13,200తో పోయేది. లక్ష రూపాయల ఫీజు మీద తొమ్మిది నెలలకు 9,000. మొత్తం బావమరిది ఇవ్వాల్సింది 24,600. బావ సరుకు మీద ఆరు నెలలకు 12,000.

ఇప్పుడు పంపకం మళ్ళీ చేద్దాం. గుమాస్తా చూపిన 12 లక్షలకు ఫీజు, సరుకు కలిపితే లాభం 15 లక్షలు. అందులో స్నేహితుడి అప్పు మీద వడ్డీ 15,000 ముందే పోతుంది, అది సంస్థ ఖర్చు. మిగిలిన 14,85,000 లాభాల కేటాయింపు ఖాతాలోకి వస్తుంది. వాడకాల మీద వడ్డీ 36,600 దానికి కలుస్తుంది. అందులోంచి మూలధనం మీద వడ్డీ బావకి 2,40,000, మిగతా ఇద్దరికీ చెరో 1,20,000, బావమరిది జీతం 3,00,000 తీసేస్తే మిగిలేది 7,41,600. ఇదీ 40, 40, 20 చొప్పున పంచాల్సింది. సంస్థ కట్టే పన్నును, తేలిగ్గా అర్థం కావడానికి, ఈ లెక్కలోకి తేలేదు.

అన్నీ కలిపితే బావకి నికరంగా 5,24,640, బావమరిదికి 6,92,040, స్నేహితుడికి అప్పు వడ్డీతో సహా 2,83,320.

గుమాస్తా లెక్క ప్రకారం ఎవరికి ఎంత ముట్టినట్టు? బావకి 4,80,000 వాటా, పైన ఉచితంగా 2 లక్షల సరుకు, వెరసి 6,80,000. బావమరిదికి ఫీజుతో కలిపి 5,80,000. స్నేహితుడికి 2,40,000. అంటే బావకి 1,55,360 ఎక్కువ ముట్టింది. బావమరిదికి 1,12,040, స్నేహితుడికి 43,320 తగ్గింది. కొట్టంతా చూసుకునే బావమరిది, తన మీద వడ్డీ వేశారని గొణిగినవాడే, అందరికంటే ఎక్కువ నష్టపోయాడు. మొదటి లెక్క మీద ముగ్గురూ సంతకం పెట్టబోయారన్నది మరవకండి.

పన్నుకి సంబంధించి రెండు మాటలు. భాగస్థుల మూలధనం మీద వడ్డీ ఎంత రాసుకున్నా, ఒప్పందంలో ఉండి, 12 శాతం మించనంతవరకే ఆదాయపు పన్ను లెక్కలో సంస్థ ఖర్చుగా చెల్లుతుంది. జీతం పనిచేసే భాగస్థులకే చెల్లుతుంది, దానికీ లాభాన్నిబట్టి పరిమితి ఉంది. మన కొట్టులో రెండూ పరిమితి లోపలే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంకోటి వచ్చింది: ఒక భాగస్థుడికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ కలిపి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. చేతికి ఇవ్వకపోయినా, మూలధనం ఖాతాలో జమ రాస్తే చాలు, కోయాల్సిందే. లాభంలో వాటాకి మాత్రం ఇది లేదు. సంవత్సరాంతంలో ఒకే పద్దు రాసి చేతులు దులుపుకునే గుమాస్తాలు చిక్కేది ఇక్కడే.

ఇంత చేసినా ఆడిట్‌కి అందనివి ఉంటాయి. బిల్లు లేకుండా అమ్మి గల్లాలో వేయని డబ్బు పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. సరుకు లెక్క, అమ్మకాల మీద లాభ శాతం గత ఏడాదితో పోలిస్తే అనుమానం రావచ్చు, అంతే. ఆ ట్రాలీ చీటీ చించేసి ఉంటే, సరుకు తగ్గిందని తెలిసేదే గానీ బావ ఇంటికి వెళ్ళిందని తెలిసేది కాదు.

మీరూ ఏదో సంస్థలో కొట్టుకి వెళ్ళని భాగస్థులైతే ఒక సంగతి. సంస్థ పుస్తకాలు ఏవైనా చూడటానికీ నకలు తీసుకోవడానికీ ప్రతి భాగస్థుడికీ హక్కుందని చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. ఈసారి వెళ్ళినప్పుడు లాభం ఎంతని అడగకండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ముగ్గురి మూలధనం ఖాతాలూ, సొంత వాడకాల ఖాతాలూ తేదీలతో సహా అచ్చు తీసి ఇమ్మనండి. పక్కన ఒప్పంద పత్రం పెట్టుకుని చదవండి.