కడుపుమంటా? కలిసొచ్చిన అదనా?

1991 మార్చి 23న లైబీరియా వైపు నుంచి సుమారు వంద మంది సాయుధులు పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌లోకి చొరబడ్డారు. వాళ్ల దళం పేరు రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్. నాయకుడు ఫోడే సాంకో ఒకప్పుడు అదే దేశపు సైన్యంలో కార్పొరల్. అంత చిన్న దళం రాజేసిన మంట ఆరడానికి 2002 దాకా పట్టింది. సుమారు యాభై వేల మంది చనిపోయారని అంచనా. ఆ దళం కాలుపెట్టిన కైలాహున్ జిల్లాలోనే 2000లో ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లిన భారత సైనికులు కూడా రెండు నెలలకు పైగా దిగ్బంధంలో చిక్కుకున్నారు.

అంతర్యుద్ధాలు అన్యాయం వల్ల పుడతాయన్నది చాలామంది నమ్మే మాట. ఆర్థికవేత్తలు పాల్ కోలియర్, ఆంకే హోఫ్లర్ దీన్ని ప్రశ్నించారు. జనంలో కోపం లేని దేశం ఎక్కడుంది? అయినా యుద్ధం కొన్నిచోట్లే వస్తుంది. కాబట్టి చూడాల్సింది కోపాన్ని కాదు, దండును పోషించే డబ్బు, చేరడానికి పనిలేని కుర్రాళ్లు, అడ్డుకోలేని సర్కారు ఉన్నాయా అన్నదే అని వాళ్ల వాదన. దీనికి సియెర్రా లియోన్ వజ్రాలు చక్కటి సాక్ష్యంగా కనిపించాయి. కోనో జిల్లాలో వజ్రాలు వాగుల ఒండ్రులోనే దొరుకుతాయి. పార, జల్లెడ, తుపాకీ పట్టుకున్న కాపలాదారు ఉంటే చాలు. బోట్స్వానాలోనూ వజ్రాలున్నాయి. కానీ అక్కడ అవి లోతైన గనుల్లో, ప్రభుత్వానికి భాగస్వామ్యం ఉన్న కంపెనీ చేతిలో ఉన్నాయి. అక్కడ అంతర్యుద్ధం రాలేదు.

అయితే తేదీలు చూస్తే ఈ కథ కొంత సడలుతుంది. తిరుగుబాటుదారులు కోనోను తొలిసారి పట్టుకున్నది 1992 చివర్లో. అంటే అప్పటికే యుద్ధం మొదలై ఏడాదిన్నర దాటింది. మొదటి తుపాకులు, మనుషులు లైబీరియా యుద్ధనేత చార్లెస్ టేలర్ నుంచి వచ్చాయి. వజ్రాలు యుద్ధాన్ని సాగదీశాయి కానీ, దాన్ని మొదలుపెట్టింది అవే అనడం కష్టం.

మరి అవకాశం ఎక్కడ నుంచి వచ్చింది? 1945 తర్వాతి 127 అంతర్యుద్ధాలను పరిశీలించి 2003లో జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ చెప్పిన జవాబు ఇక్కడ బాగా అతుకుతుంది. జాతులు, మతాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, రాజ్యం ఎంత బలహీనంగా ఉందన్నదే ముఖ్యమన్నారు వాళ్లు. 1968 నుంచి 1985 దాకా పాలించిన సియాకా స్టీవెన్స్ కుట్రలకు భయపడి సైన్యాన్ని చిక్కబట్టి, తనకు విధేయంగా ఉండే వేరే భద్రతా దళాన్ని పెంచుకున్నాడు. దాంతో సరిహద్దు దాటి వచ్చినవాళ్లను ఎదుర్కోవడానికి సత్తా ఉన్న సైన్యం లేకపోయింది.

కడుపుమంటా తక్కువేం కాదు. స్టీవెన్స్ 1972లో స్థానిక పాలక మండళ్లను రద్దు చేశాడు, 1978లో ఒకే పార్టీ వ్యవస్థ తెచ్చాడు. కైలాహున్ జిల్లాలోని పెండెంబు దాకా వెళ్లే రైలుమార్గాన్ని కూడా అతని హయాంలోనే మూసేశారు. ప్రతిపక్షానికి పట్టున్న తూర్పు ప్రాంతం దాన్ని కక్షసాధింపుగా చూసింది. పల్లెల్లో వంశపారంపర్య చీఫ్‌ల కోర్టులు వేసే జరిమానాలు కట్టలేక కుర్రాళ్లు ఊళ్లు వదిలి పోయారని మానవశాస్త్రవేత్త పాల్ రిచర్డ్స్ రాశాడు. 2004లో సత్యశోధన కమిషన్ కూడా దశాబ్దాల దుష్పాలన, అవినీతినే మూలకారణాలుగా తేల్చింది.

ఇక్కడ ఈ వాదనకూ ఒక చిక్కుంది. యుద్ధం తర్వాత మకార్తన్ హంఫ్రీస్, జెరెమీ వైన్‌స్టైన్ మాజీ యోధులను వెయ్యి మందికి పైగా ప్రశ్నించారు. తిరుగుబాటు దళంలో ఉన్నవాళ్లలో అత్యధికులు తమను ఎత్తుకుపోయి చేర్చుకున్నారనే చెప్పారు. పేదరికం, చదువు లేకపోవడం అటు తిరుగుబాటుదారుల్లోనూ, ఇటు వాళ్లతో పోరాడిన పౌర దళాల్లోనూ కనిపించాయి. పేదరికం తుపాకీ పట్టించింది సరే, ఎవరి పక్షాన పట్టాలో అది చెప్పలేదు.

లెక్కల్లోనూ ఇదే పేచీ. తలసరి ఆదాయం తక్కువైన దేశాల్లో యుద్ధాలు ఎక్కువన్నది దాదాపు అందరూ ఒప్పుకునే మాట. ఆ ఒక్క అంకెనే కోలియర్ జీతానికి దొరికే కుర్రాళ్లకు గుర్తుగా, ఫియరన్ చేతగాని రాజ్యానికి గుర్తుగా చదివారు. ఆకలి, ఆక్రోశం అని చదివినా తప్పనలేం. పైగా తొలి అధ్యయనాలు అన్యాయాన్ని వ్యక్తుల మధ్య ఆదాయ వ్యత్యాసంతో కొలిచాయి. లార్స్ ఎరిక్ సెడర్‌మన్, అతని సహచరులు అధికారంలో వాటా దక్కని జనసమూహాలను లెక్కించేసరికి, అలాంటి సమూహాల నుంచే తిరుగుబాట్లు ఎక్కువగా వస్తున్నాయని తేలింది. కొలబద్ద మారగానే కడుపుమంట మళ్లీ కనిపించింది.

సియెర్రా లియోన్ విషయంలో ఈ రెండింటినీ విడదీయడమే పొరపాటు. జనాన్ని మండించినదీ, సైన్యాన్ని గుల్ల చేసినదీ ఒకే పాలన. ఖజానాకు చేరాల్సిన వజ్రాల సొమ్మును స్టీవెన్స్ తన అనుచరులకు పంచినప్పుడు బడికి జీతగాడూ కరవయ్యాడు, సరిహద్దుకు సిపాయీ కరవయ్యాడు.

1999లో లోమే ఒప్పందం సాంకోకు ఉపాధ్యక్ష హోదానూ, ఖనిజాల కమిషన్ అధ్యక్ష పదవినీ ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే పోరు మళ్లీ రాజుకుంది. బ్రిటిష్ సైన్యం దిగి, ఐక్యరాజ్యసమితి బలగం పెరిగి, లైబీరియా మీదుగా సాగే వజ్రాల వ్యాపారంపై 2001లో నిషేధం పడ్డాకే ఆయుధాలు దిగాయి. స్టీవెన్స్ రద్దు చేసిన స్థానిక మండళ్లకు 2004లో ఎన్నికలు జరిగాయి. చీఫ్‌ల పదవులు మాత్రం వంశపారంపర్యంగానే కొనసాగాయి.