ఖాతాలో ఒక్కసారే రూ.6.86 లక్షలు.. ఖర్చు చేసే ముందు ఈ లెక్క చూడండి!

పోలవరం నిర్వాసితులకు పరిహారం డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. చింతూరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా మారేడుమిల్లి, రంపచోడవరం వరకు ఏజెన్సీలో చాలా కుటుంబాలకు జీవితంలో ఒకేసారి చేతికందే పెద్ద మొత్తం ఇదే. మెసేజ్ వచ్చిన రోజు నుంచే అప్పు అడిగేవాళ్లు, బండి కొనమనేవాళ్లు, స్థలం చూపిస్తామనేవాళ్లు ఇంటి ముందుకొస్తారు. మరి ముందుగా ఏం చేయాలి?

ఈ డబ్బు దేనికిచ్చారు?

2013 భూసేకరణ చట్టం ప్రకారం గిరిజన కుటుంబానికి వచ్చే పునరావాస ప్యాకేజీ రూ.6.86 లక్షలు. ఇందులో ఉద్యోగానికి బదులుగా ఇచ్చేది రూ.5 లక్షలు. ఏడాది పాటు నెలకు రూ.3 వేల చొప్పున జీవన భృతి రూ.36 వేలు. సామాన్ల రవాణాకు రూ.50 వేలు, పునరావాస భత్యం రూ.50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు అదనంగా మరో రూ.50 వేలు. భూమికి వచ్చే పరిహారం దీనికి వేరు.

అసలు కిటుకు ఆ రూ.5 లక్షల్లోనే ఉంది. దానికి బదులుగా నెలకు కనీసం రూ.2 వేల చొప్పున 20 ఏళ్లు తీసుకునే పద్ధతి కూడా చట్టంలో ఉంది. అంటే ఇది 20 ఏళ్ల జీతం లాంటిదన్నమాట. 6.5 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి సుమారు రూ.32,500 వస్తుంది. నెలకు దాదాపు రూ.2,700. అసలు అలాగే ఉంటుంది.

మొదటి ఆరు నెలలు ఇలా..

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ.50 వేలు అప్పుంది. నెలకు వడ్డీయే రూ.1,500. అదే రూ.50 వేలు బ్యాంకులో వేస్తే నెలకు వచ్చేది రూ.270 మాత్రమే. కాబట్టి ముందు అప్పు తీర్చి, నోటు వెనక్కి తీసుకోవాలి.

రూ.5 లక్షలు పక్కన పెడితే, మిగతా రూ.1.86 లక్షల్లో అప్పు పోగా రూ.1.36 లక్షలు ఉంటాయి. ఇల్లు మారే ఖర్చు రూ.40 వేలు అనుకుంటే రూ.96 వేలు మిగులుతాయి. కొత్త కాలనీలో పని కుదిరే దాకా నెలకు రూ.8 వేల చొప్పున ఏడాది ఇల్లు గడుస్తుంది. ఈ మొత్తం సేవింగ్స్ ఖాతాలోనే ఉంచాలి.

ఇక రూ.5 లక్షల్లో రూ.4 లక్షలు పోస్టాఫీసులో ఏడాది టైమ్ డిపాజిట్ చేయొచ్చు. ఆరు నెలల దాకా దాన్ని తీయడానికి వీల్లేదు. నిజానికి అదే మేలు. బంధువులు అడిగినా "పోస్టాఫీసులో పడిపోయింది, ఇప్పుడు రాదు" అని చెప్పొచ్చు, అది అబద్ధమూ కాదు. మిగతా లక్ష బ్యాంకు ఎఫ్‌డీలో పెడితే ఆసుపత్రి అవసరానికి మధ్యలోనే తీసుకోవచ్చు.

భూమి పరిహారం కూడా వస్తే మరో జాగ్రత్త తీసుకోవాలి. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల వరకే. అదే బ్యాంకులో రెండు బ్రాంచీల్లో వేసినా పరిమితి మారదు. అంతకు మించితే వేరే బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ పెట్టాలి.

భూమి కొంటున్నారా? ఆగండి

పోయిన భూమికి బదులు భూమి కొనుక్కోవాలన్న ఆలోచన న్యాయమైనదే. కానీ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి చెల్లదు. తెల్లకాగితం మీద రాయించుకుంటే డబ్బూ పోతుంది, భూమీ దక్కదు.

ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనులు భూమి కొనొచ్చు, గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. అందుకే పర్యాటకుల తాకిడి ఉన్న మారేడుమిల్లి లాంటి చోట "డబ్బు మాది, పేరు మీది" అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. ఆ బేరానికి ఒప్పుకోకూడదు. నిజమైన అమ్మకమైతే మీభూమిలో 1బీ, అడంగల్ చూసి, తహసీల్దార్ ఆఫీసులో సరిచూసుకుని, రిజిస్ట్రేషన్ రోజునే పూర్తి డబ్బు ఇవ్వాలి. "ఈరోజే అడ్వాన్స్ ఇవ్వాలి" అని తొందరపెడితే అదే అనుమానించాల్సిన గుర్తు.

"రెండో విడత ప్యాకేజీ పడాలంటే ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఇప్పటికే చెప్పి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.