పరీక్షల డైరీలు, వాక్యం వాక్యంగా

గ్రౌండెడ్ థియరీ అనే పరిశోధన పద్ధతిలో సిద్ధాంతం ముందు రాదు. డైరీలు, ఇంటర్వ్యూలు, పరిశీలనలు ఏవి చేతిలో ఉంటే వాటిని వాక్యం వాక్యంగా చదివి, అక్కడ జరుగుతున్నదానికి పేరు పెట్టుకుంటూ పోతే, ఆ పేర్లలోంచి ఒక వివరణ తయారవుతుంది. పేరు పెట్టే పనిని కోడింగ్ అంటారు, ఆ పేరును కోడ్ అంటారు. బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1967లో ఈ పద్ధతిని పుస్తకంగా రాశారు. అంతకు రెండేళ్ల ముందే వాళ్లు ఆసుపత్రుల్లో మరణానికి దగ్గరైన రోగుల గురించి ఒక అధ్యయనం వెలువరించారు. తన స్థితి గురించి రోగికి ఎంత తెలుసు, అతనికి ఎంత తెలుసని సిబ్బంది అనుకుంటున్నారు, తెలిసి కూడా ఎవరు తెలియనట్టు మసలుతున్నారు అన్నవి అందులోని ప్రశ్నలు. పద్ధతి ఆ పనిలోంచి పుట్టింది.

తర్వాత దారులు చీలాయి. స్ట్రాస్, జూలియట్ కార్బిన్ కలిసి 1990లో కోడింగ్‌కు మరింత కట్టుదిట్టమైన మెట్లు రాశారు. అలా చేస్తే సమాచారాన్ని ముందే తయారైన చట్రంలోకి నెట్టినట్టవుతుందని గ్లేసర్ 1992లో గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2006లో కేథీ షార్మజ్ మరో దారి చూపారు. మొదట ప్రతి వాక్యానికీ కోడ్ రాయాలి, తర్వాత వాటిలో పనికొచ్చేవాటిని ఎంచుకుని మిగతా సమాచారమంతా వాటితో జల్లెడ పట్టాలి. మొదటిసారి చేసేవారికి ఈ రెండు దశల దారే సులువు. మూడు పుస్తకాల్లోంచి మూడు రకాల మెట్లు ఏరుకుని కలిపితే చివరికి ఏ మెట్టు ఎందుకు ఎక్కామో చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థులు పరీక్షలకు ఎలా సిద్ధమవుతారన్నది ప్రాజెక్టు అనుకుందాం. 8 మంది మూడు వారాల పాటు రోజూ రాత్రి పది వాక్యాలు రాస్తారు. వీళ్లలో చాలామందికి 18 ఏళ్లు నిండవు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి, విద్యార్థి సొంత అంగీకారం రెండూ తీసుకోవాలి. డైరీలో తీవ్రమైన కుంగుబాటు కనిపిస్తే ఎవరికి, ఎలా చెప్పాలో ముందే నిర్ణయించుకుని, ఆ సంగతి విద్యార్థికీ చెప్పి ఉంచాలి. విద్యార్థులకు ఇచ్చే సూచన కూడా ముఖ్యమే. ‘మీ ఒత్తిడి గురించి రాయండి’ అంటే అందరూ ఒత్తిడి గురించే రాస్తారు. ‘ఈరోజు చదువు విషయంలో ఏం జరిగిందో జరిగిన వరుసలో రాయండి’ అంటే చాలు.

ఉదాహరణకోసం కల్పించిన ఒక రోజు డైరీ ఇలా ఉంటుంది. రాసింది హాస్టల్‌లో ఉండే అబ్బాయి.

“ఈరోజు ఫిజిక్స్‌లో రొటేషనల్ మోషన్ చదవాలనుకున్నా. ముందు టైమ్‌టేబుల్ మళ్లీ రాశాను. నిన్నటిది మిగిలింది కాబట్టి ఈరోజుది రేపటికి జరిపాను. పక్క బెడ్‌వాడు మూడో రివిజన్ అంటున్నాడు. నాన్న ఫోన్ చేసి ఎంతవరకు వచ్చింది అన్నారు. అయిపోవచ్చింది అన్నాను. రాత్రి పదకొండింటికి ఆర్గానిక్ కెమిస్ట్రీ తిరగేశాను, అది నాకు వచ్చిందే. కాస్త ధైర్యం వచ్చింది.”

కొత్తగా కోడింగ్ చేసేవారు ఈ పేరా పక్కన సాధారణంగా ‘టైమ్‌టేబుల్’, ‘తల్లిదండ్రులు’, ‘ఒత్తిడి’, ‘వాయిదా’ అని రాస్తారు. ఇవి కోడ్‌లు కావు, విషయసూచిక. ఒత్తిడి అన్న మాట ఆ అబ్బాయి ఎక్కడా రాయలేదు, అది పరిశోధకుడి జేబులోంచి వచ్చింది. తల్లిదండ్రులు అన్న కోడ్ కింద నాన్న ఫోన్ చేయడం, అమ్మ టీ పెట్టివ్వడం రెండూ చేరిపోతాయి, కానీ ఆ రెంటికీ పోలిక లేదు.

అందుకే షార్మజ్ కోడ్‌ను క్రియతో మొదలుపెట్టమంటారు. ఈ వాక్యంలో ఎవరు ఏం చేస్తున్నారు అన్నదే ప్రశ్న. తెలుగులో దీనికి చక్కని వీలుంది, క్రియకు ‘-డం’ చేరిస్తే చాలు. పై డైరీకి వాక్యం వాక్యంగా కోడ్‌లు రాస్తే, ‘రోజుకో లక్ష్యం పెట్టుకోవడం’, ‘చదివే బదులు ప్లాన్‌ను తిరగరాయడం’, ‘మిగిలినదాన్ని ముందుకు జరపడం’, ‘పక్కవాడితో కొలుచుకోవడం’, ‘నాన్నకు లెక్క చెప్పాల్సి రావడం’, ‘ఉన్నదానికి కాస్త కలిపి చెప్పడం’, ‘వచ్చినదాన్నే తిరగేసి ధైర్యం తెచ్చుకోవడం’ అని వస్తాయి. ఒక్క రోజుకు ఏడు కోడ్‌లు. ఇలా పది రోజులు చేస్తే డెబ్బైకి అటూ ఇటూ అవుతాయి, కంగారు పడనక్కర్లేదు. వాక్యానికి దగ్గరగా ఉంటే చాలు, ఈ దశలో అందంగా ఉండాల్సిన పని లేదు.

డైరీ తెలుగులో ఉంటే కోడ్ కూడా తెలుగులోనే రాయాలి. ‘అయిపోవచ్చింది’ అన్నది పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. అయిందని చెప్పకుండానే అయినంత పని అనిపించే మాట. ‘తిరగేశాను’ అంటే చదివాను అని కాదు. వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చి కోడ్ చేస్తే రెండూ సాదా మాటలైపోతాయి, అసలు దొరకాల్సింది అక్కడే జారిపోతుంది. ఇలాంటి మాటలను విద్యార్థి వాడినట్టే కోడ్‌గా ఉంచేయవచ్చు కూడా. విశ్వవిద్యాలయానికి ఇంగ్లిష్‌లో నివేదిక ఇవ్వాల్సి వస్తే అనువాదం చివరి మెట్టులో చేసుకోవాలి.

మొదటి రెండు మూడు డైరీలకు ఇలా ప్రతి వాక్యానికీ కోడ్ రాశాక పోలిక మొదలవుతుంది. పద్ధతికి ప్రాణం ఇదే. ఒకే కోడ్ పడ్డ సంఘటనలను పక్కపక్కన పెట్టి, ఇవి నిజంగా ఒకటేనా అని అడగాలి. హాస్టల్ అబ్బాయి నాన్న ఫోన్ తర్వాత రాత్రి వచ్చిన పాఠాన్నే తిరగేశాడు. ఇంటి నుంచి కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి స్లిప్ టెస్ట్ రోజు ఉదయం వచ్చిన పాఠాన్నే తిరగేసింది. పైకి రెండూ ఒక్కటే. కానీ అమ్మాయి రెండు ఫార్ములాలు మరచిపోయినట్టు గమనించి మళ్లీ రాసుకుంది, అబ్బాయి ఏమీ రాసుకోలేదు. ఆమె పట్టు సరిచూసుకుంటోంది, అతను ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. కాబట్టి కోడ్ రెండుగా చీలాలి. మరో రోజు అదే అమ్మాయి, టెస్ట్‌లో మార్కులు తగ్గిన సాయంత్రం, స్నేహితురాలికి తనకు బాగా వచ్చిన లెక్క నేర్పింది. పని వేరు, కానీ జరుగుతున్నది ధైర్యం కూడగట్టుకోవడమే. అది అబ్బాయి తిరగేయడం పక్కకు చేరుతుంది. ఒకేలా కనిపించేవి విడిపోయి, వేరుగా కనిపించేవి కలిసే ఇలాంటి చోటే కోడ్ కాస్తా కేటగిరీ అవుతుంది.

కేటగిరీ అంటే పెద్ద కోడ్ కాదు, దానికి గుణాలుంటాయి. ధైర్యం కూడగట్టుకోవడం ఎప్పుడు జరుగుతుంది, దేని తర్వాత, ఎంతసేపు నిలుస్తుంది, దానికి ఏం ఖర్చవుతుంది అన్న ప్రశ్నలకు డైరీల్లోంచి జవాబులు రావాలి. ఇలా నిలిచిన ఐదారు కోడ్‌లతో మిగతా డైరీలను చదవడం రెండో దశ. సాధనంగా మామూలు స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. విద్యార్థి సంకేతం, తేదీ, వాక్యం, కోడ్, మెమో సంఖ్య అని ఐదు నిలువు వరుసలు చాలు. వాక్యం నుంచి కోడ్‌కు, కోడ్ నుంచి వాక్యానికి ఎప్పుడైనా వెనక్కి నడవగలగడమే దాని ప్రయోజనం.

మెమో అంటే పరిశోధకుడు తనకోసం రాసుకునే నోటు. కోడింగ్ మధ్యలో ఆలోచన తట్టిన క్షణమే ఆపి రాయాలి, సాయంత్రానికి అది గుర్తుండదు. ఈ ప్రాజెక్టులో ఒక మెమో ఇలా ఉండవచ్చు: “ధైర్యం కూడగట్టుకోవడం చదవలేకపోయినప్పుడల్లా కనిపించడం లేదు. ఎవరైనా అడిగిన తర్వాత కనిపిస్తోంది. నాన్న అడిగారు, లెక్చరర్ మార్కులు చదివారు, పక్కవాడు రివిజన్ అన్నాడు. అంటే మూలం పాఠం కష్టం కావడమా, లెక్క చెప్పాల్సి రావడమా? ఎవరూ అడగని విద్యార్థి డైరీ చూడాలి.”

తర్వాత ఎవరి డైరీ తీసుకోవాలో ఆ చివరి వాక్యమే చెబుతోంది. దీన్ని సైద్ధాంతిక నమూనా ఎంపిక అంటారు. ఎనిమిది మందినీ మొదటే ఎంచుకుని, డైరీలన్నీ పోగేసుకుని, తర్వాత తీరిగ్గా కోడింగ్‌కు కూర్చుంటే ఈ మెట్టు తప్పిపోతుంది. మొదటి ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ముగ్గురితో మొదలుపెట్టి, కోడ్ చేసి, మిగిలిన ఐదుగురిని ప్రశ్నను బట్టి వెతకాలి. ఎవరూ అడగని ఇంట్లో చదివే విద్యార్థి దొరికి, ఆమె డైరీలో ప్రతి రాత్రీ పుస్తకం విషయసూచికలో పూర్తయిన పాఠాలకు టిక్కులు పెట్టుకోవడం, టిక్కులు తక్కువైన రోజు తేలిక పాఠం అందుకోవడం కనిపించాయనుకుందాం. మెమోలో అనుమానం కొంత సరిపోయింది, కొంత మారింది. అడిగేవారు మనిషే కానక్కర్లేదు, విషయసూచిక కూడా అడుగుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి తక్కిన కేటగిరీలను కలిపి పట్టుకునే ఒక కేంద్ర కేటగిరీ కనిపిస్తుంది. దానికి ‘లెక్క అప్పజెప్పడం’ అని పేరు పెట్టవచ్చు, పాఠం అప్పజెప్పడం అన్న బడి మాట చెవిలో మోగుతుంది కాబట్టి. దాని చుట్టూ వివరణ ఇలా అల్లుకుంటుంది. మిగిలిన సిలబస్‌కూ మిగిలిన రోజులకూ పొంతన తప్పినప్పుడు విద్యార్థి ముందు ప్లాన్‌ను మారుస్తాడు. లెక్క అడిగినప్పుడు ‘అయిపోవచ్చింది’ లాంటి మధ్యస్థపు జవాబు చెబుతాడు. ఆ జవాబును కాస్తైనా నిజం చేయడానికి త్వరగా పూర్తయ్యేది చదువుతాడు. రాని పాఠం ఇంకా వెనక్కి పోతుంది, మళ్లీ అడిగేసరికి ఖాళీ పెరుగుతుంది. దీన్ని వాయిదా అనే ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే, ఈ చక్రంలో అడిగేవారి పాత్ర కనిపించేదే కాదు.

పని దారి తప్పిందని చెప్పే గుర్తులున్నాయి. కోడ్‌లన్నీ నామవాచకాలే అయితే విషయాలను కోడ్ చేశారన్నమాట. రెండు వందల కోడ్‌లలో ఒక్కటీ రెండోసారి రాకపోతే పోలిక జరగలేదు. ఒక కేటగిరీలో ఉన్నవన్నీ ఒకే విద్యార్థి వాక్యాలైతే అది అతని స్వభావం కావచ్చు. అన్నిటికంటే అనుమానించాల్సింది ప్రతి వాక్యం చక్కగా ఇమిడిపోవడం. ఇమడని డైరీని పనిగట్టుకుని వెతకాలి. నాన్న అడిగితే ‘ఇంకా సగం కూడా కాలేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ రాత్రే రాని పాఠం తెరిచిన విద్యార్థి దొరికితే, ఆ డైరీని పక్కన పెట్టకుండా, అక్కడ ఏది వేరుగా ఉందో చూడాలి. నాన్న ‘ఎంతవరకు వచ్చింది’ అనకుండా ‘ఎక్కడ ఆగింది’ అన్నారేమో. అలా అయితే సిద్ధాంతానికి ఒక షరతు చేరుతుంది.

కొత్త డైరీలు కేటగిరీలకు కొత్త గుణాలేవీ చేర్చని స్థితిని సంతృప్తత అంటారు. ఎనిమిది డైరీలతో అన్ని కేటగిరీల్లో అక్కడికి చేరామని చెప్పడం సాహసం. ఏ కేటగిరీ నిండింది, ఏది ఇంకా పలచగా ఉంది అన్నది నివేదికలో విడివిడిగా రాస్తే సరిపోతుంది. డైరీకి సొంత పరిమితి ఒకటుంది. అసలేమీ చదవని రోజు చాలామంది డైరీ కూడా రాయరు. ఆ ఖాళీ తేదీలను లెక్కపెట్టి, వారం చివర విద్యార్థితో కాసేపు మాట్లాడి ఆ రోజు ఏం జరిగిందో అడగాలి. డైరీకి ఇంటర్వ్యూ జోడించే ఈ పద్ధతిని జిమ్మర్‌మన్, వీడర్ 1977లోనే వివరించారు. అడిగే వీలు లేకపోతే, ఈ వివరణ రాసిన రోజులకే వర్తిస్తుందని నివేదికలో చెప్పాలి.