తుళులో రెండు 'ఎ'లు

మంగళూరు, ఉడుపి ప్రాంతాల్లో తుళును ఎక్కువగా కన్నడ లిపిలోనే రాస్తారు. అయితే తుళులో 'ఎ' రెండు రకాలు. ఒకటి మామూలు 'ఎ'. రెండోది నోరు కాస్త ఎక్కువ తెరిచి, మనం 'బ్యాంకు' అన్నప్పుడు వినిపించే అచ్చుకు దగ్గరగా పలికేది. దానికి కన్నడంలో అక్షరం లేదు.

'మల్పువె' అనే మాట చూడండి. చివర తెరిచి పలికితే 'నేను చేస్తాను'. మామూలుగా పలికితే 'అతను చేస్తాడు'. రాతలో మాత్రం రెండూ ఒక్కటే. ముందు 'యాన్' (నేను) అనో 'ఆయె' (అతను) అనో ఉంటే చిక్కులేదు. కర్త లేని వాక్యంలో, అందునా సంభాషణలో, సందర్భమే దిక్కు. తుళు రానివాడు పైకి చదివితే అర్థమే మారిపోవచ్చు.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1932 నాటి తన వ్యాకరణంలో పణియాడి ఈ అచ్చుకు రెండు తలకట్లు పెట్టారు. ఉపాధ్యాయ సంపాదకత్వంలోని తుళు నిఘంటువూ అదే పద్ధతి పాటించింది. నాకు ఇది చక్కటి ఉపాయమనిపిస్తుంది: కొత్త అక్షరం నేర్వక్కర్లేదు. కానీ మామూలు రాతలో అది నిలవలేదు. జనం 'ఎ'తోనే సరిపెట్టుకుంటున్నారు.

పదాంతంలో పెదవులు గుండ్రం చేయకుండా పలికే పొట్టి 'ఉ'కు మాత్రం పొల్లు గుర్తు ఆదుకుంది. కన్ను అనే మాటను 'కణ్ణ్' అని రాసి, చివర ఆ అచ్చును కలిపి చదువుతారు.