క్రాష్ ఎన్నిసార్లు అని కాదు, ఎంతమందికి అని

బస్సు టికెట్ కోసం యాప్ తెరుస్తారు. సీటు ఎంచుకోగానే తెర మాయమై ఫోన్ మొదటి పేజీ వచ్చేస్తుంది. ప్రయాణికుడు విసుక్కుని మళ్లీ తెరుస్తాడు. సరిగ్గా అప్పుడే, అతనికి తెలియకుండా, ఒక చిన్న నివేదిక యాప్ తయారుచేసినవాళ్లకు చేరుతుంది. యాప్ ఆగిన క్షణంలో ఫోన్ దాన్ని రాసి పెట్టుకుంటుంది. మళ్లీ తెరిచినప్పుడు పంపుతుంది. గూగుల్ వారి క్రాష్‌లిటిక్స్ లాంటి పరికరాలు పనిచేసేది ఇలాగే. ఆ నివేదికలో అసలు సంగతి రెండు వరుసల్లో ఉంటుంది:

```
java.lang.NullPointerException
  at com.example.bus.SeatView.draw(SeatView.java:84)
```

సీట్ల బొమ్మ గీసే ఫైల్లో 84వ వరుస దగ్గర, ఉండాల్సిన సమాచారం లేక యాప్ ఆగిపోయిందని దీని అర్థం. ఒకే చోట ఆగిన నివేదికలన్నిటినీ పరికరం ఒక కట్టగా కడుతుంది. రోజూ పొద్దున్నే ఇంజినీర్ ముందు అలాంటి కట్టలు పదులకొద్దీ ఉంటాయి. ముందు దేన్ని విప్పాలి?

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మొదటి కట్టలో 12,600 నివేదికలు ఉన్నాయి, రెండో దానిలో 1,900. చూడగానే మొదటిదే పెద్దదనిపిస్తుంది. కానీ ఎన్ని వేర్వేరు ఫోన్ల నుంచి వచ్చాయో లెక్కిస్తే మొదటిది 90 మందిది, రెండోది 1,700 మందిది. ఆ 90 ఫోన్లలో పాత టికెట్లను సర్వర్‌తో సరిచూసే పని తెర వెనక జరుగుతూ విఫలమవుతోంది. విఫలమైన ప్రతిసారీ మళ్లీ మొదలవుతోంది. అలా ఒక్కో ఫోన్ నుంచి సగటున 140 నివేదికలు వచ్చాయి. వాళ్లలో చాలామంది దాన్ని గమనించి కూడా ఉండరు. రెండో కట్టలోని 1,700 మందికి మాత్రం కళ్లముందే సీట్ల తెర కూలిపోయింది. కాబట్టి వరుసలో పైకి రావాల్సింది రెండోదే.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. ఆ 1,700 మందిలో 900 మంది పాత 5.1 వెర్షన్ వాడుతున్నారు, 800 మంది కొత్త 5.2 వాడుతున్నారు. అంకెలు దాదాపు సమానంగా ఉన్నాయి కనుక లోపం రెండిట్లోనూ ఒకేలా ఉందని పొరబడడం తేలిక. అయితే 5.1 వాడేవాళ్లు 90,000 మంది. 5.2 ఇంకా 10,000 మందికే అందింది. భాగిస్తే పాతదానిలో నూటికి ఒకరు, కొత్తదానిలో నూటికి ఎనిమిది మంది ఇబ్బంది పడుతున్నారు. పాత లోపమే, కొత్త వెర్షన్‌లోని ఏదో మార్పు వల్ల ఎనిమిది రెట్లయింది. ఆండ్రాయిడ్‌లో రోజువారీ వినియోగదారుల్లో 1.09 శాతానికి మించి కళ్లముందు క్రాష్‌లు చూస్తుంటే గూగుల్ ప్లే ఆ యాప్‌ను నాణ్యత తక్కువదిగా లెక్కగడుతుంది. స్టోర్‌లో అది కనిపించే అవకాశమూ తగ్గవచ్చు. ఇలాంటప్పుడు ముందు చేయాల్సింది 5.2 పంపిణీని ఆపడం. ఇప్పటికే దాన్ని వేసుకున్నవాళ్లు తిరిగి 5.1కు వెళ్లరు. వాళ్లకోసం సరిచేసిన 5.3 పంపాల్సిందే.

కొత్త వెర్షన్ 50 మందికే చేరినప్పుడు నలుగురికి క్రాష్ అయినా అదే 8 శాతం వస్తుంది. ఆ అంకె చూసి కంగారు పడకుండా, ఇంకొన్ని వందల మందికి చేరేదాకా చూడడం మేలు.

ఏ వెర్షన్ మీదా నెపం వేయలేని రోజులూ ఉంటాయి. 2021 మార్చిలో ఎన్నో ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా రకరకాల యాప్‌లు ఒక్కసారిగా ఆగిపోవడం మొదలైంది. వాటి తయారీదారుల తప్పేమీ లేదు. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ అనే భాగంలో లోపం వచ్చింది. గూగుల్ వెబ్‌వ్యూకు, క్రోమ్‌కు కొత్త అప్‌డేట్ ఇచ్చాక సర్దుకుంది. వెర్షన్ల వారీ పట్టిక ఇలాంటి చోట ఎంతో ఆదుకుంటుంది. నెలల కిందటి వెర్షన్లూ, నిన్నటి వెర్షనూ ఒకే గంటలో కలిసి కూలుతుంటే కారణం యాప్ బయట ఉందని గట్టిగా అనుమానించాలి. అప్పుడు సొంత కోడ్ తవ్వడం మాని ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, వెబ్‌వ్యూ వెర్షన్ చూడాలి.

అన్నిటికంటే భయపడాల్సిన క్రాష్ ఈ పట్టికలో అసలు కనిపించకపోవచ్చు. నివేదిక వెళ్లేది మళ్లీ తెరిచినప్పుడు కదా. నివేదిక పంపే భాగం మేలుకోకముందే యాప్ ప్రతిసారీ ఆగిపోతుంటే కబురు ఎప్పటికీ చేరదు. యాప్ తీసేసినవాళ్ల నుంచీ రాదు. అందుకే అనుభవజ్ఞులు 5.2 వేసుకున్నవాళ్లెందరో, వాళ్లలో యాప్ నిజంగా వాడుతున్నవాళ్లెందరో కూడా పక్కన పెట్టుకుని చూస్తారు. డౌన్‌లోడ్లు పెరుగుతుంటే వాడకం పడిపోతోందంటే, క్రాష్‌ల పట్టిక ఖాళీగా ఉన్నా వెంటనే ప్లే కన్సోల్‌లోని ఆండ్రాయిడ్ వైటల్స్ తెరుస్తారు. అక్కడి లెక్క యాప్ చెప్పేది కాదు, సమ్మతించిన వినియోగదారుల ఫోన్లలో ఆండ్రాయిడే రాసుకున్నది. తెరవగానే కూలిన యాప్ కూడా దానికి దొరుకుతుంది.